ఐఎల్ట్స్ స్పీకింగ్ కోసం షాడోయింగ్: ఎక్కువగా అడుగుతున్న ప్రశ్నలు

హనుమకొండ, కాజీపేట, కరీంనగర్ వైపు నుంచి ఐఎల్ట్స్‌కి తయారవుతున్న వాళ్లలో స్టాఫ్ నర్సులు, బీటెక్ అయిపోయి ఎంఎస్‌కి వెళ్దామనుకునే పిల్లలు ఎక్కువ. వీళ్లకి గ్రామర్ వచ్చు, మాటలకీ కొదవ లేదు. అయినా స్పీకింగ్‌లో 6 దగ్గరో 6.5 దగ్గరో ఆగిపోతుంటారు, ఎందుకు ఆగిందో ఎవరూ విడమరిచి చెప్పరు, "ఇంకా ఫ్లూయెన్సీ పెంచుకో" అని మాత్రం అందరూ చెప్తారు. చాలామంది విషయంలో అసలు అడ్డంకి లయ. దాన్ని సరిచేసుకోవడానికి షాడోయింగ్ బాగా పనికొస్తుంది, కానీ చేయాల్సిన పద్ధతిలో చేస్తేనే. తరచుగా వచ్చే ప్రశ్నలన్నీ ఇక్కడ ఒక్కచోట పెడుతున్నాను.

షాడోయింగ్ అంటే విని, తర్వాత తిరిగి చెప్పడమేనా?

కాదు, ఇక్కడే చాలామంది పొరబడతారు. విని, ఆడియో ఆపి, గుర్తుపెట్టుకుని చెప్పడం వేరే అభ్యాసం. అందులో మీరు వాక్యం అర్థాన్ని గుర్తుపెట్టుకుంటారు, చెప్పేటప్పుడు మాత్రం మీ పాత లయలోనే చెప్తారు. షాడోయింగ్‌లో ఆడియో ఆగదు. మాట్లాడే మనిషి నోటి నుంచి మాట వస్తుండగానే, ఒకటి రెండు మాటలు వెనకగా, మీరూ పైకి అంటూ వెళ్తారు. వెనకబడి ఆలోచించుకునే టైం దొరకదు కాబట్టి పాత అలవాటు దూరడానికి చోటు తక్కువ, అవతలి మనిషి ఎక్కడ సాగదీశాడు, ఎక్కడ మింగేశాడు అన్నది మీ నోరు పట్టుకోక తప్పదు.

ఏకకాలంలో అనువదించే దుబాసీల శిక్షణలో ఈ పద్ధతి చాలాకాలంగా ఉంది. విలియం మార్స్‌లెన్-విల్సన్ అనే పరిశోధకుడు 1973లో ప్రచురించిన పనిలో, కొందరు తమ మాతృభాషలో సెకనులో నాలుగో వంతు ఆలస్యంతోనే, అంటే దాదాపు ఒక్క అక్షరం వెనకగా, షాడో చేయగలుగుతున్నారని చూపించాడు. మీరు అంత దగ్గరగా వెళ్లక్కర్లేదు. రెండు మూడు మాటల దూరంలో ఉన్నా పని జరుగుతుంది. వాక్యం మొత్తం వెనకబడితే మాత్రం అది షాడోయింగ్ కాదు, మళ్లీ గుర్తుపెట్టుకుని చెప్పడమే.

అసలు మన ఇంగ్లీషులో లయ ఎక్కడ తప్పుతుంది?

తెలుగులో దాదాపు ప్రతి అక్షరానికీ దాని వంతు టైం ఇస్తాం. హ్రస్వానికి కొంచెం తక్కువ, దీర్ఘానికి ఎక్కువ, అంతే, ఏ అక్షరాన్నీ పూర్తిగా మింగేయం. ఇంగ్లీషు అలా నడవదు. అందులో కొన్ని అక్షరాల మీద గట్టిగా, పొడుగ్గా నిలబడి, మధ్యలో ఉన్నవన్నీ నలిపేసి దాటిపోతారు. ముఖ్యంగా నలిగేవి చిన్న మాటలు: టు, ఫర్, ఆఫ్, అండ్, కెన్, వాజ్, ఎట్, ద. మనం స్కూల్లో వీటిని ఒక్కొక్కటీ నిండుగా నేర్చుకున్నాం కదా, అలాగే నిండుగా పలుకుతాం. "ఐ వాంట్ టూ గో టూ ద బ్యాంక్" అన్నప్పుడు మన నోట్లో "టూ"కి "బ్యాంక్"కి ఉన్నంత బరువు ఉంటుంది. అలా అన్నీ ఒకే బరువుతో వస్తే, వినేవాళ్లకి ఏది ముఖ్యమైన మాటో చెవికి తగలదు.

తెలుగు లిపి ఇక్కడ మనకి బాగా ఉపయోగపడుతుంది, ఎందుకంటే నలిగిన రూపాన్ని మనం రాసి చూసుకోవచ్చు. టు అన్నది ఉత్త "ట" అవుతుంది. ఫర్ అన్నది బ్రిటిష్ వాళ్ల నోట్లో "ఫ" అవుతుంది. ఆఫ్ అన్నది "అవ్", అండ్ అన్నది "అన్", వాజ్ అన్నది "వజ్", కెన్ అన్నది "కన్". గమనించారా, అన్నింట్లోనూ మిగిలింది మన హ్రస్వ అకారానికి దగ్గరగా ఉండే ఒకే ఒక్క శబ్దం. ఆ శబ్దాన్ని ఎక్కడ వాడాలో చెవికి తెలిస్తే లయలో సగం పని అయినట్టే.

రెండోది, మాట చివర అచ్చు తగిలించడం. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి బస్, బుక్, లేట్ కూడా మన నోట్లో బస్సు, బుక్కు, లేటు అవుతాయి. ఇంగ్లీషులో మాట్లాడుతున్నప్పుడు కూడా తొందరలో ఆ ఉకారం చప్పుడు కాకుండా వచ్చి చేరుతుంది. ఒక్కో మాటకి ఒక్కో అక్షరం అదనంగా చేరితే వాక్యం మొత్తం బరువెక్కిపోతుంది.

మాటల్ని నలపడం మనకి కొత్తేమీ కాదు. పుస్తకంలో "ఎక్కడికి పోతున్నావు" అని ఉన్నదాన్ని మన దగ్గర "ఏడికి వోతున్నవ్" అనేస్తాం. ఇంగ్లీషు మనకి పుస్తకం నుంచి వచ్చింది కాబట్టి, దాన్ని ఇంకా పుస్తకంలో ఉన్నట్టే పలుకుతున్నాం, అంతే తేడా.

దీనికి ఎగ్జామినర్ నిజంగా మార్కులు ఇస్తారా?

ఇస్తారు. ఐఎల్ట్స్ స్పీకింగ్ 11 నుంచి 14 నిమిషాలు ఉంటుంది, నాలుగు అంశాల మీద సమానంగా మార్కులు వేస్తారు: ఫ్లూయెన్సీ-పొందిక, పదజాలం, గ్రామర్, ఉచ్చారణ. లయ, ఒత్తు, స్వరం ఎక్కడ లేస్తుంది ఎక్కడ దిగుతుంది అన్నవన్నీ ఉచ్చారణ కిందికి నేరుగా వస్తాయి. ఫ్లూయెన్సీలో చూసేది వేగాన్ని మాత్రమే కాదు, ఆగడాన్ని కూడా. చెప్పబోయే విషయం గురించి ఆలోచిస్తూ ఆగితే పెద్ద ఇబ్బంది లేదు, మాట కోసమో గ్రామర్ కోసమో వెతుక్కుంటూ ఆగితే తెలిసిపోతుంది.

అందుకే "ఫాస్ట్‌గా మాట్లాడు" అన్న సలహా చాలామందిని ముంచుతుంది. అన్ని అక్షరాలకీ ఒకే బరువు ఇచ్చి, దాన్నే గబగబా లాగితే, వినేవాళ్లకి ఇంకా కష్టం. నిదానంగా మాట్లాడుతూ కూడా చిన్న మాటల్ని నలిపి, పెద్ద మాట మీద నిలబడి, సరైన చోట ఆగితే అది ఫ్లూయెంట్‌గానే వినిపిస్తుంది.

ఏ ఆడియో తీసుకోవాలి?

రాసుకుని చదివింది కాకుండా, మామూలుగా మాట్లాడింది తీసుకోండి. న్యూస్ చదివేవాళ్ల లయ పరీక్షలో పనికిరాదు, పార్ట్ 2లో మీరు ఒక మనిషి గురించో ప్రయాణం గురించో చెప్తారు తప్ప వార్తలు చదవరు. సినిమా డైలాగులు కూడా వద్దు, వాటిలో కోపాలు, గుసగుసలు, వెనక మ్యూజిక్ ఉంటాయి. ఒకే మనిషి తన చిన్నప్పటి సంగతో, ఉద్యోగం గురించో చెప్తున్న ఇంటర్వ్యూ అయితే మంచిది.

కొత్తగా మొదలుపెట్టే వాళ్లకి బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్ వాళ్ల "6 Minute English" సరిపోతుంది. పేరులో ఉన్నట్టే ఎపిసోడ్ ఆరు నిమిషాలు, సైట్‌లో స్క్రిప్ట్ ఉచితంగా దొరుకుతుంది. అది ముందే రాసుకుని చేసే కార్యక్రమమే కాబట్టి రెండు మూడు వారాలు దాంతో నడిచాక నిజమైన ఇంటర్వ్యూలకి మారండి. నేర్చుకునేవాళ్ల కోసమని ఒక్కో మాట విడివిడిగా, మెల్లగా చదివే ఆడియోలు ఉంటాయి, వాటి జోలికి వెళ్లకండి, మనం వదిలించుకోవాలనుకుంటున్న లయే అందులో ఉంటుంది.

ఒక్క సంగతి మాత్రం గట్టిగా చెప్తాను: ఆరు నిమిషాలు మొత్తం షాడో చేయకండి. అందులోంచి 20 నుంచి 30 సెకన్ల ముక్క తీసుకోండి, నాలుగైదు రోజులు దాని మీదే ఉండండి. రోజుకో కొత్త వీడియో పెట్టుకుని అరగంట వెంటపడేవాళ్లకి చెవి కొంత అలవాటు పడుతుంది కానీ నోరు మారదు.

ఒక్క వాక్యం మీద మొత్తం ఎలా చేస్తారో చూపించండి.

సరే. క్లిప్‌లో ఒక బ్రిటిష్ ఆవిడ ఇలా అంటోంది అనుకుందాం: "ఐ యూజ్డ్ టు గో టు ద మార్కెట్ విత్ మై గ్రాండ్‌మదర్ ఎవ్రీ సాటర్‌డే." పన్నెండు మాటలు, మామూలు వేగంలో నాలుగు సెకన్లు.

ముందు నోరు తెరవకుండా మూడు నాలుగు సార్లు వినండి. ఈ వినడంలో ఒక్కటే పని: ఆవిడ స్వరం ఎక్కడెక్కడ పైకి లేచి నిలబడింది అని పట్టుకోవడం. వేలితో టేబుల్ మీద కొట్టండి. ఈ వాక్యంలో పెద్ద దెబ్బలు మూడే: మార్కెట్‌లో "మార్" మీద, గ్రాండ్‌మదర్‌లో "గ్రాండ్" మీద, సాటర్‌డేలో "సా" మీద. మీరు ఏడెనిమిది దెబ్బలు కొట్టేశారంటే ఆవిడని వినలేదు, మీ తలలో ఉన్న స్పెల్లింగ్‌ని విన్నారు. మళ్లీ వినండి.

తర్వాత స్క్రిప్ట్ కాగితం మీద రాసుకుని గీతలు పెట్టండి, ఒక్కో పెద్ద దెబ్బ చుట్టూ ఉన్న మాటల్ని ఒక గుంపుగా. ఐ యూజ్డ్ టు గో టు ద మార్కెట్ / విత్ మై గ్రాండ్‌మదర్ / ఎవ్రీ సాటర్‌డే. మూడు గుంపులు. ఆగాల్సి వస్తే ఈ గీతల దగ్గరే ఆగాలి, గుంపు మధ్యలో ఆగకూడదు.

ఇప్పుడు దాని కింద, చెవికి వినిపించింది వినిపించినట్టు తెలుగులో రాయండి, స్పెల్లింగ్‌ని పక్కన పెట్టేసి:

అయ్ యూస్ట గో టద మాకిట్ / విద్మయ్ గ్రామ్మదా / ఎవ్రి సాటడే

ఈ పని చేసినప్పుడే చాలామందికి కళ్లు తెరుచుకుంటాయి. యూజ్డ్ టు అన్న రెండు మాటలు కలిసి "యూస్ట" అయిపోయాయి, డ్ శబ్దం ఎక్కడా లేదు. "టు ద" రెండూ కలిసి "టద" అయి ఒక్క మాటలా దాటిపోయాయి. గ్రాండ్‌మదర్‌లో డ్ పోయి, న్ కూడా పక్కనున్న మకారంతో కలిసి మ్ అయిపోయింది. మార్కెట్‌లో రకారం బ్రిటిష్ ఉచ్చారణలో వినపడదు, అమెరికన్ అయితే వినిపిస్తుంది. మీరు రాసింది ఇలాగే ఉండాలని లేదు, మీ క్లిప్‌లో మీ చెవికి ఏం వినిపిస్తే అది రాయండి.

నాలుగో అడుగు, ఆడియోతో పాటే, ఈ తెలుగు రాత చూస్తూ, గొణుగుతూ అనండి. గొంతు పెంచొద్దు. పెదాలు దారి నేర్చుకోవడానికి ఇది. నాలుగైదు సార్లు అయ్యాక కాగితం బోర్లించి నిండు గొంతుతో షాడో చేయండి. "మార్" దగ్గర మీరు ఆవిడకంటే వెనకబడితే, "టద" దగ్గర ఎక్కువ టైం ఖర్చుపెట్టారన్నమాట. వెనకబడ్డ చోటికంటే కాస్త ముందే తప్పు ఉంటుంది, అక్కడికి వెళ్లి ఆ రెండు మూడు మాటలే విడిగా పది సార్లు అనండి, "గో టద మాకిట్, గో టద మాకిట్" అని. తర్వాత మళ్లీ మొత్తం వాక్యం.

చివరగా ఫోన్‌లో రికార్డ్ చేసి, ఆవిడది ఒకసారి, మీది ఒకసారి వినండి. ఇది మానేస్తే మిగతాదంతా దండగ, మాట్లాడుతున్నప్పుడు మన గొంతు మనకి ఎప్పుడూ బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది.

చిన్న మాటలన్నీ ఎప్పుడూ నలపాలా?

లేదు. వాక్యం చివర వస్తే అవి నిండుగానే ఉంటాయి. "వేర్ ఆర్ యు ఫ్రమ్" అన్నప్పుడు ఫ్రమ్ నలగదు, "ఐయామ్ ఫ్రమ్ వరంగల్" అన్నప్పుడు నలుగుతుంది. పోలిక చెప్పేటప్పుడు, గట్టిగా ఒప్పుకునేటప్పుడు కూడా నిండుగా పలుకుతారు, "యెస్, ఐ కెన్" అన్నట్టు. కెన్ విషయంలో ఇంకో ప్రమాదం ఉంది. "ఐ కన్ స్విమ్" అని నలిపితే వచ్చు అని అర్థమవుతుంది. కెన్‌ని నిండుగా, గట్టిగా అంటే కాదన్న మాట వినిపించిందేమో అన్న అనుమానం వస్తుంది, ఎందుకంటే "కాంట్" అని కాదనే రూపం ఎప్పుడూ నిండుగానే ఉంటుంది, దాని చివరి ట్ శబ్దం చాలాసార్లు సరిగా వినపడదు. అమెరికన్ ఇంగ్లీషులో ఇది మరీ ఎక్కువ.

స్పీడ్ అందుకోలేకపోతున్నాను, 0.75లో పెట్టుకోవచ్చా?

పెట్టుకోండి, కానీ రెండు మూడు సార్లకే. 0.75లో లయ ఆకారం దాదాపు అలాగే ఉంటుంది, నలిగిన మాటలు నలిగే ఉంటాయి కాబట్టి చెవికి పట్టుకోవడం తేలిక. 0.5కి వెళ్తే శబ్దం సాగిపోయి, నలిగిన అక్షరాలు కూడా నిండుగా ఉన్నట్టు భ్రమ కలుగుతుంది, అది మనకి నష్టం. అందకపోతే స్పీడ్ తగ్గించడం కంటే ముక్కని చిన్నది చేయడం మంచిది. 20 సెకన్లు కష్టంగా ఉంటే ఒక్క గుంపే తీసుకోండి. ఫోన్‌లో ఒకే చోటుని మళ్లీ మళ్లీ తిప్పడానికి వీఎల్‌సీలో A-B రిపీట్ ఉంటుంది, లాప్‌టాప్ ఉంటే ఆడాసిటీలో ఆ ముక్కని కత్తిరించుకోవచ్చు.

రెండు చెవుల్లోనూ ఇయర్‌ఫోన్ పెట్టుకుని ఫుల్ వాల్యూంలో షాడో చేస్తుంటారు కొందరు. మీ గొంతు మీకు వినిపించకపోతే తేడా ఎలా తెలుస్తుంది? ఒక చెవిలోది తీసేయండి.

స్క్రిప్ట్ చూస్తూ చేస్తే తప్పా?

మొదటి రోజు తప్పు కాదు. మూడో రోజు కూడా ఇంగ్లీషు స్క్రిప్ట్ చూస్తూనే ఉన్నారంటే మీరు చదువుతున్నారు, షాడో చేయట్లేదు. కంటికి టి-ఓ అక్షరాలు కనపడగానే నోరు "టూ" అనేస్తుంది, ఆ అలవాటు అంత పాతది. అందుకే తెలుగులో రాసుకోమన్నది.

షాడో చేస్తున్నప్పుడు బాగానే వస్తోంది, సొంతంగా మాట్లాడితే మళ్లీ పాత లయే. ఎందుకు?

ఈ ప్రశ్నే అన్నింటికంటే ముఖ్యం, మిగతావన్నీ దీనికోసమే. షాడోయింగ్‌లో ఏం చెప్పాలన్నది మీరు ఆలోచించరు, మాటలు అవతల నుంచి వస్తాయి. పరీక్షలో విషయం, గ్రామర్, మాట అన్నీ మీరే వెతుక్కోవాలి, ఆ ఒత్తిడిలో నోరు తనకి బాగా అలవాటైన దారి పడుతుంది. కాబట్టి ఆ దూరాన్ని మెట్లు మెట్లుగా దాటించాలి, ఊరికే షాడోయింగ్ ఎక్కువ చేస్తే దానంతట అదే దాటదు.

నైట్ డ్యూటీలు చేస్తూ యూకే కోసం తయారవుతున్న ఒక స్టాఫ్ నర్సుని ఊహించుకోండి. యూకే నర్సింగ్ రిజిస్ట్రేషన్‌కి ఐఎల్ట్స్ దారిలో వెళ్తే స్పీకింగ్‌లో 7 కావాలి, ఆమె 6.5 దగ్గర ఉంది. ఆమె పార్ట్ 2 జవాబు రికార్డ్ చేసి వింటే ఇలా ఉంటుంది: "ఐ వెంట్ టూ ద... హాస్పిటల్ విత్ మై... మదర్ అండ్... షీ వాజ్... వెరీ స్ట్రాంగ్." గ్రామర్ తప్పు ఒక్కటీ లేదు. కానీ ఆగిన ప్రతిచోటూ గుంపు మధ్యలోనే, చిన్న మాట అనేశాక, పెద్ద మాటకి ముందు. చిన్న మాట నిండుగా, సాగదీసి పలుకుతూ తర్వాతి మాట వెతుక్కోవడం ఆమెకి అలవాటైపోయింది.

ఆమె పైన చెప్పిన వాక్యాన్ని కాగితం లేకుండా అనగలిగే దాకా వచ్చాక, అదే లయలో ఒక్కొక్క మాట మార్చాలి. "ఐ యూజ్డ్ టు గో టు ద హాస్పిటల్ విత్ మై మదర్ ఎవ్రీ మండే." దెబ్బలు మూడే, గుంపులు మూడే, మాటలు ఆమెవి. తర్వాత క్రియ కూడా మార్చాలి. "ఐ యూజ్డ్ టు కమ్ టు హనుమకొండ విత్ మై బ్రదర్ ఎవ్రీ సమ్మర్." ఇక్కడ ఊరి పేరు రాగానే లయ జారుతుంది, హనుమకొండని మనం తెలుగులో పలికినట్టే ప్రతి అక్షరం నిండుగా పలుకుతాం, అది తప్పేమీ కాదు, ఊరి పేరుని ఇంగ్లీషు యాసలో తిప్పాల్సిన పని లేదు. దానికి ముందున్న "కమ్ ట" మాత్రం నలిగే ఉండాలి.

ఇలాంటివి అయిదారు అన్నాక, ఆగకుండా దానికి తన సొంత వాక్యం జోడించాలి, "వీ యూజ్డ్ టు స్టే ఎట్ మై అంకుల్స్ హౌస్, నియర్ భద్రకాళి లేక్" అన్నట్టు. ఇది ఏ క్లిప్‌లోనూ లేదు, కానీ "యూస్ట స్టే అట్ మయ్" అన్న లయ ఇప్పటికే నోట్లో ఉంది. చివర ఒక క్యూ కార్డ్ తీసుకుని, పరీక్షలో ఇచ్చినట్టే నిమిషం తయారై, రెండు నిమిషాలు మాట్లాడి రికార్డ్ చేయాలి. ఆ రెండు నిమిషాల్లో లయ అంతా మారిపోతుందని ఆశించొద్దు. మొదటి అరనిమిషం బాగుండి, తర్వాత విషయం కోసం వెతుక్కోవడం మొదలవగానే పాత లయ వచ్చేస్తుంది. వారం వారం ఆ అరనిమిషం ముప్పావు నిమిషం, నిమిషం అవుతూ పోతుందా లేదా అన్నదే చూసుకోవాలి.

ఆగక తప్పనప్పుడు ఎక్కడ ఆగాలో కూడా ఆమె నేర్చుకోవాలి. "విత్ మై" అనేసి ఆగకుండా, "ఐ వెంట్ టు ద హాస్పిటల్" దాకా వచ్చి ఆగి, తర్వాతి గుంపు మొత్తం తలలో సిద్ధమయ్యాక "విత్ మై మదర్" అని ఒక్క ఊపులో చెప్పాలి. ఆగిన టైం రెండింట్లోనూ ఒకటే కావచ్చు, వినేవాళ్లకి మాత్రం రెండోది ఆలోచించి మాట్లాడుతున్నట్టు వినిపిస్తుంది.

క్లిప్‌లో నేర్చుకున్న వాక్యాలు పరీక్షలో వాడితే బట్టీ పట్టారంటారా?

"ఐ యూజ్డ్ టు..." లాంటి ఎత్తుగడలు అందరూ వాడేవే, వాటికి ఏమీ అనరు. పేరాలకి పేరాలు దించితే మాత్రం ఎగ్జామినర్‌కి ఇట్టే తెలిసిపోతుంది, ఎందుకంటే ఆ పేరాలో ఒక లయ, పార్ట్ 3లో అడ్డుప్రశ్న వేసినప్పుడు ఇంకో లయ వినిపిస్తుంది. షాడోయింగ్ నుంచి తీసుకోవాల్సింది లయని, జవాబుని కాదు.

బ్రిటిష్ యాస రావాలా? మన యాస పోవాలా?

రెండూ అక్కర్లేదు. చూసేది మీ మాట ఎంత తేలికగా అర్థమవుతోంది అన్నదే, ఎక్కడివాళ్లలా ఉన్నారన్నది కాదు. మన ట, డ లు గట్టిగా ఉంటాయి, ఉండనివ్వండి, వాటివల్ల అర్థం చెడదు. ఉన్న టైమంతా ఒత్తు, నలపడం, గుంపులు, మాట చివర అనవసరంగా చేరే ఉకారం, వీటి మీద పెట్టండి. యాసని అనుకరించడానికి దిగితే కొందరు పాట పాడినట్టు స్వరం ఎత్తి దించుతుంటారు, అర్థానికీ ఆ ఎత్తుపల్లాలకీ సంబంధం ఉండదు, అది సాదా లయ కంటే ఘోరంగా వినిపిస్తుంది. కనీసం నెల రోజులు ఒకే మనిషి గొంతుని పట్టుకుని ఉండండి, ఇవాళ అమెరికన్, రేపు ఆస్ట్రేలియన్ అని మారొద్దు.

రోజుకి ఎంతసేపు చేయాలి?

పదిహేను నుంచి ఇరవై నిమిషాలు, రోజూ. అందులో పది నిమిషాలు షాడోయింగ్, మిగిలింది మాటలు మార్చి సొంతంగా అనడం, రికార్డ్ వినడం. అరగంట దాటితే చెవి అలసిపోయి, నోరు మాత్రం యాంత్రికంగా నడుస్తుంటుంది. ఆదివారం రెండు గంటలు కూర్చుని వారమంతా వదిలేయడం వల్ల లాభం లేదు. పరీక్ష ఇంకో పది రోజులే ఉందంటే కొత్తగా ఇది మొదలుపెట్టి టెన్షన్ పడొద్దు, చిన్న మాటల్ని నలపడం, గుంపు చివర ఆగడం, ఈ రెండూ చూసుకుంటే చాలు. కనీసం అయిదారు వారాలు చేతిలో ఉంటే పూర్తి పద్ధతి మొదలుపెట్టండి.

హాస్టల్ రూంలో నలుగురం ఉంటాం, పైకి ఎలా అనాలి?

మాటలన్నీ పూర్తిగా కదిపే గుసగుస అయినా ఫర్వాలేదు, పెదాలు నాలుక పనిచేయడమే కావాలి. కాకపోతే గుసగుసలో స్వరం ఎత్తుపల్లాలు రావు కాబట్టి రోజులో అయిదు నిమిషాలైనా నిండు గొంతు కావాలి, టెర్రస్ మీదికి వెళ్లండి, లేదా పొద్దున నడకకి వెళ్తూ చేయండి. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే ఎవరితోనో మాట్లాడుతున్నారనుకుంటారు. నడుస్తూ చేసేటప్పుడు రోడ్డు పక్కన కాకుండా గ్రౌండ్‌లో చేయండి, ధ్యాస అంతా చెవి మీదే ఉంటుంది.

బాగుపడుతున్నానని నాకు ఎలా తెలుస్తుంది?

ఒకే క్యూ కార్డ్ మీద మొదటిరోజు రికార్డ్ ఒకటి దాచుకోండి. మూడు వారాలకి అదే కార్డ్ మీద, పాతది వినకుండా, మళ్లీ మాట్లాడండి. తర్వాత రెండింటినీ కాగితం మీద రాసి, ఆగిన ప్రతిచోటా ఒక గీత పెట్టండి. మొత్తం గీతలు ఎన్ని అన్నది అంత ముఖ్యం కాదు. గుంపు చివర ఎన్ని, గుంపు మధ్యలో ఎన్ని అని విడగొట్టి చూడండి. మధ్యలో ఉన్నవి తగ్గుతుంటే పని సరైన దారిలో ఉన్నట్టు. రెండోది, టు, ఆఫ్, అండ్ వచ్చిన చోటల్లా సున్నా చుట్టి, నలిగాయా నిండుగా ఉన్నాయా అని చూడండి. "అండ్..." అని సాగదీసి ఆగడం ఇంకా మిగిలి ఉందంటే ఆ ఒక్కదాని మీద ఒక వారం పెట్టండి.

వీలైతే ఆ వాక్యాలు తెలియని స్నేహితుడికి వినిపించి, విన్నదాంట్లో గట్టిగా తగిలిన మాటలు మాత్రం చెప్పమనండి. మీరు ముఖ్యమనుకున్నవీ ఆయన చెప్పినవీ కలిస్తే ఒత్తు సరైన చోట పడుతోంది.

పీటీఈకి కూడా ఇదే పనికొస్తుందా?

పనికొస్తుంది, కాస్త తేడాతో. అక్కడ జవాబుల్లో ఫ్లూయెన్సీ, ఉచ్చారణ లెక్కగట్టేది ప్రధానంగా మెషీన్, మూడు సెకన్లు మాట్లాడకుండా ఉంటే మైక్ ఆగిపోతుంది. కాబట్టి ఐఎల్ట్స్‌లోలాగా నిదానంగా ఆలోచించుకుంటూ ఆగే వెసులుబాటు తక్కువ. రిపీట్ సెంటెన్స్‌లో ఆడియో అయిపోయాకే చెప్పాలి, అది షాడోయింగ్ కాదు, అందుకని వారంలో రెండు రోజులు, విని ఆపి చెప్పడం కూడా చేయండి. గుంపులుగా వినడం అలవాటైతే వాక్యం గుర్తుండటం తేలికవుతుంది, పన్నెండు మాటల బదులు మూడు గుంపులు గుర్తుపెట్టుకుంటారు.

పరీక్ష రోజు పొద్దున షాడోయింగ్ చేయాలా?

చేయండి, పది నిమిషాలు, బాగా నలిగిన పాత క్లిప్‌తోనే. కొత్తది ముట్టుకోవద్దు, అందకపోతే ఆ చిరాకు లోపలిదాకా వస్తుంది. పరీక్ష హైదరాబాద్‌లో అయితే కాజీపేటలో రైలెక్కినప్పటి నుంచి ఇయర్‌ఫోన్ పెట్టుకునే కూర్చోవద్దు, సికింద్రాబాద్ చేరేసరికి చెవి అలసిపోతుంది. చివరి గంటలో ఆడియో తీసేసి, పక్కవాళ్లతో ఇంగ్లీషులో మాట్లాడండి, ఎవరూ లేకపోతే కిటికీలోంచి కనిపిస్తున్నది మీకు మీరే మెల్లగా చెప్పుకోండి. లోపలికి వెళ్లాక లయ గురించి ఆలోచించొద్దు. ప్రశ్న విని, మొదటి గుంపు సిద్ధం చేసుకుని, దాన్ని పూర్తిగా చెప్పి, అవసరమైతే అక్కడ ఆగండి.